పెట్టె, తాళం, రెండు తువ్వాళ్లు

జూన్ మొదటి వారంలో ఏ చిన్న పట్నంలోనైనా స్టీలు సామాన్ల కొట్టు ముందు నిలబడితే ఒక చప్పుడు వినిపిస్తుంది. కరెంటు పెన్ను పట్టుకుని కుర్రాడు ప్లేట్ల మీద పేర్లు కొడుతుంటాడు, జుయ్ జుయ్ మని. పెళ్లిళ్ల రోజుల్లో అయితే "ఫలానా వారి వివాహ సందర్భంగా" అని కొట్టే చెయ్యే అది. ఈ వారం మాత్రం కొట్టేవన్నీ పిల్లల పేర్లు. "ఏమని కొట్టమంటావమ్మా?" అంటాడు. తల్లి ఒక క్షణం ఆగి, చేతిలో మడత పెట్టిన కాగితం విప్పి చూసుకుంటుంది. ఆ కాగితం గురుకుల పాఠశాల ప్రిన్సిపాల్ నుంచి వచ్చిన లేఖ.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బళ్లు మామూలుగా జూన్ 12న తెరుచుకుంటాయి. పగటి బడికి వెళ్లే పిల్లలకు ఈ లేఖతో పెద్ద పని ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ప్రభుత్వ బడి పిల్లలకు పుస్తకాలు, యూనిఫాం గుడ్డ, బూట్లు, బెల్టు, సంచి కలిపి ఒక కిట్టుగా ఇస్తున్నారు. పథకం పేరు మారింది గానీ కిట్టు కొనసాగుతోంది. తొలిరోజు పిల్లాడు చేతులూపుకుంటూ వెళ్లినా ఆ రోజు గడిచిపోతుంది. ఏదైనా మరిచిపోతే మర్నాడు పట్టుకెళ్తాడు.

గురుకులంలో ఆ మర్నాడు లేదు. ఐదో తరగతిలో చేరే పిల్లకు పదేళ్లుంటాయి. ఇల్లు అరవై కిలోమీటర్ల దూరం. తండ్రి ఒక రోజు కూలి పోగొట్టుకుని, బస్సులో పెట్టెతో సహా వచ్చి, సాయంత్రానికి వెళ్లిపోతాడు. మళ్లీ వచ్చేది పాఠశాల చెప్పిన ఆదివారమే. ఈలోపు పెట్టెలో ఉన్నదే ఆ పిల్ల ఆస్తి. అందుకే పగటి బడి లేఖ నాలుగు ముక్కల్లో అయిపోతే, గురుకులం లేఖ రెండు పేజీలు సాగుతుంది.

మన దగ్గర ఈ పద్ధతి మొదలై అర్ధ శతాబ్దం దాటింది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, 1971లో, అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాల తెరిచారు. తర్వాత గుంటూరు జిల్లా తాడికొండలో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో వచ్చాయి. ఇప్పుడు సాంఘిక, గిరిజన, బీసీ, మైనారిటీ సంక్షేమ సొసైటీల కింద ఉన్న గురుకులాలు లేని జిల్లా లేదు. ప్రవేశ పరీక్ష రాసి సీటు తెచ్చుకున్న ప్రతి పిల్ల ఇంటికీ, ఏదో ఒక రూపంలో, ఈ లేఖ చేరుతుంది.

ఒక మామూలు లేఖ ఇలా ఉంటుంది. పాఠశాలను బట్టి వరుస మారుతుంది గానీ సారం ఇదే:

"గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం. మీ అమ్మాయికి మా పాఠశాలలో ఐదవ తరగతిలో సీటు వచ్చినందుకు సంతోషం. జూన్ 12వ తేదీ ఉదయం పది గంటలకు అమ్మాయిని వెంటబెట్టుకుని తల్లి గాని, తండ్రి గాని రావాలి. ఒరిజినల్ టీసీ, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్ కార్డు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఆరు, ఒక్కొక్క కాగితానికి మూడేసి జిరాక్సులు తేవాలి. తాళంతో ట్రంకుపెట్టె, దుప్పట్లు రెండు, తువ్వాళ్లు రెండు, స్టీలు ప్లేటు, గ్లాసు, బకెట్టు, మగ్గు, దువ్వెన, లోదుస్తులు ఆరు జతలు తేవాలి. వస్తువులన్నిటిపైనా పేరు ఉండాలి. సెల్‌ఫోను, బంగారం, వండిన తినుబండారాలు అనుమతించబడవు."

చదవడానికి ఇది కొట్టు చీటీలా ఉంటుంది. పప్పు కిలో, చింతపండు పావు అన్నట్టు. తల్లిదండ్రులు కూడా అలాగే చదువుతారు, అందుకే ముందు బజారుకు పరుగెత్తుతారు. నిజానికి ఇందులో ఒక్కొక్క మాట వెనకా గడిచిన ఏడాది ఎవరో పిల్లకు ఎదురైన చిక్కు ఉంటుంది. దువ్వెన అని విడిగా రాశారంటే ఊరికే రాయలేదు. తువ్వాళ్లు రెండు అన్నారంటే ఒకటి సరిపోని రోజు వచ్చింది కాబట్టే. లేఖ మాత్రం ఆ కారణాలు చెప్పదు. చెబితే సగం తప్పులు జరగవు.

నేల మీద పరిచి చూడాల్సిన నాలుగు కాగితాలు

బజారు పని తర్వాత. ముందు కాగితాలు.

ఒక పిల్ల సంగతి తీసుకుందాం. పేరు శ్రావణి అనుకోండి, ఇంటిపేరు కొండ్రు. ఊళ్లో బడిలో చేర్చిన రోజు తండ్రికి పుట్టిన తేదీ గుర్తులేదు. పంతులు గారు జూన్ 1 అని రాసేశారు. మన పల్లెటూరి బళ్ల రిజిస్టర్లలో జూన్ నెలలో పుట్టిన వాళ్లు ఎందుకంత ఎక్కువో తెలిసిన వాళ్లకు తెలుసు. ఆధార్ తీసినప్పుడు తల్లి జనన ధ్రువపత్రం పట్టుకెళ్లింది, అందులో ఆగస్టు 14 ఉంది. ఇప్పుడు టీసీలో ఒక తేదీ, ఆధార్‌లో ఇంకో తేదీ. పేరు సంగతి కూడా అంతే. టీసీలో కొండ్రు శ్రావణి, ఆధార్‌లో కె. శ్రావణి, కుల ధ్రువపత్రంలో శ్రావణి కొండ్రు.

ఊళ్లో ఉన్నన్నాళ్లు ఈ ముగ్గురూ ఒకే పిల్ల. కంప్యూటర్‌కు ముగ్గురు.

దేశంలోని బడి పిల్లల వివరాలన్నీ ఇప్పుడు యూడైస్ ప్లస్ అనే కేంద్ర వ్యవస్థలో ఉంటాయి. అందులో ప్రతి పిల్లకూ పదకొండు అంకెల శాశ్వత విద్యా సంఖ్య ఉంటుంది, టీచర్లు దాన్ని పెన్ నంబరు అంటారు. పిల్ల ఒక బడి వదిలి ఇంకో బడికి వెళ్లేటప్పుడు పాత బడి వాళ్లు ఆమె పేరును తమ జాబితాలోంచి తీసి డ్రాప్ బాక్సులో వెయ్యాలి. కొత్త బడి వాళ్లు పెన్ నంబరు, పుట్టిన తేదీ కొట్టి ఆ పెట్టెలోంచి తమ జాబితాలోకి తీసుకోవాలి. పాత బడి వదలకపోయినా, తేదీ తేడాగా ఉన్నా, కొత్త బడిలో పిల్ల పేరు ఎక్కదు. తరగతి గదిలో కూర్చుని పాఠం వింటూనే ఉంటుంది, లెక్కలో మాత్రం ఇంకా పాత ఊళ్లోనే ఉంటుంది. ఈ చిక్కు తొలిరోజు బయటపడకపోవచ్చు. యూనిఫాం, పుస్తకాల లెక్క వేసే రోజు బయటపడుతుంది.

కనుక లేఖ అందిన రోజే టీసీ, ఆధార్, జనన ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం నాలుగూ చాప మీద పక్కపక్కన పరిచి చూసుకోవడం మేలు. పేరులో అక్షరాలు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఈ మూడే చూడాల్సినవి. తేడా ఉంటే ఎటు సరిచేయాలన్న ప్రశ్న వస్తుంది. జనన ధ్రువపత్రం ఉంటే మిగతావి దాని దారిలోకి రావాలి. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్పుకు మామూలుగా ఒక్కసారే అవకాశం, కాబట్టి తొందరపడి టీసీకి తగ్గట్టు ఆధార్ మార్పించకూడదు. బడి రిజిస్టరులో పొరపాటు ఉంటే టీసీ రాయకముందే పాత హెడ్మాస్టరు గారికి చెప్పుకోవాలి. సంతకం, ముద్ర పడ్డాక అది తేలే పని కాదు. టీసీ తీసుకునేటప్పుడే "సార్, పెన్ నంబరు రాశారా? డ్రాప్ బాక్సులో వేశారా?" అని రెండు మాటలు అడిగితే తర్వాత రెండు ప్రయాణాలు తప్పుతాయి.

పదేళ్ల పిల్లల ఆధార్‌లో ఇంకో మెలిక ఉంది. ఐదేళ్లలోపు తీసిన నీలం రంగు కార్డులో వేలిముద్రలు ఉండవు. ఐదు నిండాక ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్రలు, కంటిపాప ఇచ్చి రావాలి. చాలా ఇళ్లలో ఈ పని జరగదు, కార్డు ఉంది కదా అనుకుంటారు. గురుకులంలో చేరాక పిల్లను ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లాలంటే టీచరు తోడు కావాలి, అనుమతి కావాలి. మే నెలలో అయితే తల్లి చెయ్యి పట్టుకుని వెళ్లి రావచ్చు.

ఆదాయ ధ్రువపత్రం దగ్గర కూడా జాగ్రత్త. తెలంగాణ గురుకులాల ఐదో తరగతి ప్రవేశాలకు కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల రూపాయలు మించకూడదు. పరీక్ష ఫారం నింపినప్పుడు వేసిన అంకె, జూన్‌లో చూపించే కాగితంలోని అంకె వేరుగా ఉంటే ప్రశ్నలు వస్తాయి. జూన్ రెండో వారంలో మీసేవ కేంద్రం ముందు ఎంత క్యూ ఉంటుందో వేరే చెప్పాలా? ఊరంతా అక్కడే ఉంటుంది.

పగటి బడుల సంగతి ఈ విషయంలో కొంత నయం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒక ప్రభుత్వ బడి నుంచి ఇంకో ప్రభుత్వ బడికి మారే పిల్లను టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఆపకూడదు. వయసు రుజువు కాగితం లేదని కూడా చేరిక నిరాకరించకూడదు. టీసీ ఇవ్వకుండా తిప్పే హెడ్మాస్టరు మీద శాఖాపరమైన చర్యకు కూడా ఆ చట్టంలోనే చోటుంది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు ఇది వర్తిస్తుంది. గురుకులంలో సీటు పరీక్షలో వచ్చిన ర్యాంకు, కులం, ఆదాయం చూసి ఇచ్చేది గనుక అక్కడ ఆ కాగితాలు చూపించక తప్పదు.

దువ్వెన ఎందుకు రాశారంటే

ఒక హాల్లో నలభై మంది పడుకునే చోట ఒకరి తలలో పేలు ఉంటే నెల తిరిగేసరికి అందరికీ ఉంటాయి. ఇది ఏ తల్లికీ కొత్త విషయం కాదు. కొత్తది లెక్క. పేల మందు పెట్టిన రోజు పేలు చస్తాయి, ఈపులు అన్నీ చావవు. అవి వారం పది రోజుల్లో పగిలి పిల్లపేలు బయటికి వస్తాయి. అందుకే తొమ్మిదో రోజు ప్రాంతంలో రెండోసారి మందు పెట్టాలి. చాలామంది బడికి పంపే ముందురోజు రాత్రి ఒకసారి మందు పెట్టి, తల రుద్ది, నూనె రాసి, జడ వేసి పంపుతారు. జూన్ 12న శుభ్రంగా ఉన్న తల జూన్ 22కి మళ్లీ గోకుడు మొదలుపెడుతుంది. పిల్లను తిట్టి లాభం లేదు, తేదీ తప్పింది. మే 30న ఒకసారి, జూన్ 8న ఒకసారి పెడితే సరిపోయేది. లేఖ మే చివరి వారంలో అందడం ఎందుకు ముఖ్యమో ఈ ఒక్క విషయంతో తెలుస్తుంది.

గజ్జి సంగతి ఇంకా మొండిది. కంటికి కనిపించనంత చిన్న పురుగు చర్మంలో బొరియ చేసుకుని గుడ్లు పెడుతుంది. మొదటిసారి అంటుకున్న పిల్లకు దురద వెంటనే రాదు, నాలుగైదు వారాలు పట్టొచ్చు. అంటే మే నెలలో మేనత్త కూతురి పక్కన పడుకుని తెచ్చుకున్న గజ్జి జూన్ చివర్లో హాస్టల్లో బయటపడుతుంది. అప్పుడు తల్లిదండ్రులు హాస్టలు నీళ్లు పడలేదంటారు, వార్డెన్ మేడం ఇంటి నుంచే వచ్చిందంటారు. ఇద్దరి మాటా నిజం కావచ్చు.

రాత్రిళ్లు ఎక్కువయ్యే దురద, వేళ్ల సందుల్లో, మణికట్టు మీద, బొడ్డు చుట్టూ చిన్న పొక్కులు, ఇంట్లో ఇంకొకరికి కూడా అదే దురద. ఇవి కనిపిస్తే పిల్లను చేర్చే ముందే డాక్టరుకు చూపించాలి. సాధారణంగా ఇచ్చేది పెర్మెత్రిన్ అనే పూత మందు. మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద కూడా వదలకుండా రాత్రి రాసి, పొద్దున స్నానం చేయించాలి. వారం తర్వాత మళ్లీ రాయమంటారు. పొక్కులున్న చోట మాత్రమే రాస్తే పురుగు పక్కకు జరుగుతుంది, అంతే. ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోకపోతే ఆ మందంతా దండగ.

రెండు తువ్వాళ్ల మర్మం ఇక్కడుంది. మృగశిర కార్తె ప్రవేశించాక మబ్బు పట్టిన రోజున ఉతికిన తువ్వాలు సాయంత్రానికి ఆరదు. ఒకటే ఉన్న పిల్ల పక్క పిల్ల తువ్వాలు అడుగుతుంది. పదేళ్ల పిల్లలు అడిగితే కాదనరు. తువ్వాలుతో పాటు గజ్జి, తామర కూడా చేతులు మారతాయి. లోదుస్తులు ఆరు జతలు అనడం కూడా ఈ వాన లెక్కే. దళసరి టర్కీ తువ్వాలు కంటే పలచటి నూలు తువ్వాలు, జీన్సు ప్యాంటు కంటే పలచటి పైజామా ఇక్కడ మంచివి. చూడ్డానికి తక్కువగా ఉంటాయి, ఆరడంలో మొనగాళ్లు.

పేరు, నంబరు, తాళం

మళ్లీ స్టీలు కొట్టు దగ్గరికి వద్దాం. "శ్రావణి అని కొట్టు బాబూ" అంటుంది తల్లి. ఆ ఏడాది ఐదో తరగతిలో ముగ్గురు శ్రావణులు ఉండొచ్చు. ఇంటిపేరుతో కలిపి కొట్టించాలి. "పెద్ద పేరు, పట్టదేమో" అని కొట్టు కుర్రాడు విసుక్కున్నా సరే, అంచు చుట్టూ కొట్టమనాలి. ప్లేటు అడుగున కొట్టిన పేరు తిరగేస్తే గానీ కనిపించదు, భోజనాల దగ్గర అన్నంతో ఉన్న ప్లేటు ఎవరు తిరగేస్తారు?

బట్టలకు పేరుకన్నా అడ్మిషన్ నంబరు మంచిది. ఆ నంబరు తొలిరోజు గానీ ఇవ్వరు. అందుకని ఇంటి దగ్గర కాలరు లోపలి వైపు ఇంటిపేరుతో సహా రాసి, పక్కన కాస్త చోటు వదిలితే నంబరు తర్వాత చేర్చుకోవచ్చు. బాల్‌పెన్ను రాత రెండు ఉతుకులకు పోతుంది. చెరగని మార్కరు కొంతకాలం నిలుస్తుంది. బట్ట రంగుకు ఎదురు రంగు దారంతో అమ్మమ్మ కుట్టిన అక్షరం బట్ట చిరిగే దాకా ఉంటుంది. దుప్పటికి మూలన, తువ్వాలుకు అంచున, లోదుస్తులకు నడుము పట్టీ మీద.

పెట్టె మంచం కిందికి దూరాలి. ఇది రాయని లేఖలు చాలా ఉన్నాయి. దాంతో తండ్రి ప్రేమకొద్దీ పెద్ద పెట్టె కొంటాడు, అది మంచాల మధ్య దారిలో కూర్చుని అందరి మోకాళ్లకూ తగులుతుంది. రెండడుగుల పొడవు పెట్టె పదేళ్ల పిల్లకు చాలు, ఖాళీ పెట్టెను ఆ పిల్లే లాగగలగాలి. రేకు అంచులు లోపలికి మడిచి ఉన్నాయో లేదో వేలితో తడిమి చూసి కొనాలి. గొళ్లెం వదులుగా ఉంటే ఎంత ఖరీదైన తాళమైనా వృథా.

తాళంచెవి పోవడం మొదటి వారంలో దాదాపు అన్ని హాస్టళ్లలోనూ జరిగే తంతు. పిల్ల ఏడుస్తుంది, వాచ్‌మన్ తాత హాక్సా బ్లేడు పట్టుకొస్తాడు, కొత్త తాళం ముక్కలవుతుంది. రెండు చెవులుండే తాళం కొని, ఒకటి పిల్ల మెడలో దారానికి, రెండోది పేరు రాసిన చిన్న కవరులో వార్డెన్ దగ్గర ఉంచితే ఆ ఏడుపు ఉండదు. రెండు చెవులూ ఒకే గుత్తికి వేసి పంపేవాళ్లు ఉన్నారు, అప్పుడు రెండూ ఒకేసారి పోతాయి.

లేఖలో ఉండని నాలుగు ముక్కలు

సబ్బు, నూనె, పేస్టు ఎంత పంపాలన్నది ప్రతి ఇంట్లో వచ్చే సందేహం. తెలంగాణలో సంక్షేమ హాస్టళ్ల పిల్లలకు ఈ ఖర్చు కింద నెలనెలా కొంత ఇస్తారు, కాస్మెటిక్ చార్జీలంటారు. ఏళ్ల తరబడి అవి మూడు నుంచి ఏడో తరగతి దాకా ఆడపిల్లలకు 55, మగపిల్లలకు 62 రూపాయలు మాత్రమే ఉండేవి. 2024లో 175, 150 చేశారు. ఆ సామాను, డబ్బు అందడానికి మొదట్లో కొన్ని వారాలు పట్టినా ఇబ్బంది లేకుండా ఒక నెలకు సరిపడా పంపితే చాలు. ఆరు నెలల సబ్బులు ఒకేసారి పంపితే అవి పెట్టెలో బట్టలకు వాసన పట్టించడమే గాక, పిల్లను ఆ గదికి కొట్టుదారుని చేస్తాయి.

ఆరోగ్యం గురించి లేఖలో సాధారణంగా "మెడికల్ సర్టిఫికెట్" అని ఒక్క మాట ఉంటుంది. డాక్టరు గారి సంతకం ఉన్న ఆ కాగితంలో పిల్ల "ఆరోగ్యంగా ఉంది" అనే ఉంటుంది. అసలు చెప్పాల్సినవి అందులో రావు. ఉబ్బసం ఉంటే ఏ ఇన్హేలరు వాడుతుంది, ఫిట్స్ ఉంటే ఏ మాత్ర ఏ పూట వేసుకుంటుంది, ఏ మందు పడదు, ఇవన్నీ తల్లి ఒక కాగితం మీద తెలుగులో రాసి, మందుల చీటీతో కలిపి ప్రిన్సిపాల్‌కో, నర్సుకో చేతికి ఇవ్వాలి. మాత్రలు పెట్టెలో పెట్టి పంపకూడదు. గిరిజన ప్రాంతాల్లో 2023 నుంచి సికిల్ సెల్ పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డు ఉంటే జిరాక్సు ఇవ్వాలి. ఆ జబ్బున్న పిల్ల నీళ్లు బాగా తాగాలి, చలికి తట్టుకోలేదు, ఒళ్లు నొప్పులంటే బడి ఎగ్గొట్టే వేషం అనుకోకూడదు. ఈ మూడూ టీచరుకు తొలిరోజే తెలియాలి.

పక్క తడిపే అలవాటు గురించి ఎవరూ చెప్పరు. పదేళ్ల పిల్లల్లో నూటికి సుమారు ఐదుగురికి అది ఉంటుంది. అంటే ఎనభై మంది చేరిన తరగతిలో నలుగురు. తల్లికి తెలుసు, సిగ్గుపడి ఊరుకుంటుంది. మొదటి రాత్రి పై మంచం ఇస్తారు. పొద్దున కింది మంచం పిల్ల అరుస్తుంది. ఆ పేరు పదో తరగతి దాకా పోదు. వార్డెన్ మేడంతో పక్కకు పిలిచి ఒక్క మాట చెప్పి, ఒక రబ్బరు షీటు, ఒక దుప్పటి అదనంగా ఇస్తే కింది మంచం దొరుకుతుంది, రాత్రి పదింటికి ఒకసారి లేపుతారు. వేరే ఏర్పాటేమీ అక్కర్లేదు.

ఆడపిల్లల విషయంలో ఇంకొకటి. ఐదో తరగతిలోనే పెద్దమనిషయ్యే పిల్లలు ఉంటారు. ఇంకా కాలేదు కదా అనుకోకుండా ఒక ప్యాడ్ల ప్యాకెట్టు పెట్టె అడుగున పెట్టి, అది ఎందుకో, ఎలా వాడాలో ముందే చెప్పి పంపితే, ఇంటికి దూరంగా ఆ రోజు వచ్చినప్పుడు పిల్ల భయపడదు.

ఇక ఫోను. పిల్ల చేతికి ఫోను ఇవ్వొద్దని లేఖ గట్టిగానే చెబుతుంది. మరి అవసరమైతే ఎవరికి చేయాలి? ఫారంలో రాసిన నంబరు రీచార్జి చేయక ఆగిపోయి ఉంటుంది, లేదా తండ్రి కొత్త సిమ్ము తీసుకుని ఉంటాడు. రెండు నంబర్లు ఇవ్వాలి, రెండోది ఊళ్లోనే ఉండే పిన్నిదో, మేనమామదో. తల్లి నంబరు పిల్లకు కంఠతా రావాలి. నిద్ర లేపి అడిగినా చెప్పేలా. పదంకెలే కదా, పది రోజుల్లో వస్తుంది. సెలవు రోజున పిల్లను తీసుకెళ్లడానికి ఎవరెవరు రావచ్చో వాళ్ల ఫోటోలు కూడా ఆఫీసులో ఇవ్వాలి. దసరాకు తండ్రి బదులు బాబాయి వస్తే, ఫోటో లేని బాబాయిని గేటు దగ్గర ఆపేయడం వాచ్‌మన్ తప్పు కాదు.

పిండివంటల దగ్గర ప్రతి ఏడూ గొడవే. వండినవి వద్దంటారు ప్రిన్సిపాళ్లు, తెస్తారు అమ్మలు. పులిహోర, చికెన్ కూర మర్నాటికి పాడవుతాయి, దాచుకుని తిన్న పిల్లలకు వాంతులు పట్టుకుంటాయి, నింద హాస్టలు వంట మీద పడుతుంది. జంతికలు, సకినాలు, వేరుశనగ ఉండలు లాంటి పొడివి గట్టి మూత డబ్బాలో చాలా చోట్ల ఒప్పుకుంటారు. డబ్బా మూత వదులైతే మర్నాటికి చీమలు పెట్టె మొత్తం స్వాధీనం చేసుకుంటాయి.

లేఖ రాసే వాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. కొన్ని లేఖలు పూర్తిగా ఇంగ్లీషులో వస్తాయి. "టాయిలెట్రీస్" అని రాస్తే దాన్ని మరుగుదొడ్డి సామాను అనుకునే ప్రమాదం ఉంది. సబ్బు, పేస్టు, బ్రష్షు, కొబ్బరినూనె అని తెలుగులో రాస్తే ఏ చదువూ లేని తల్లికి కూడా పక్కింటి పిల్ల చదివి చెబుతుంది. వాట్సాప్‌లో పంపిన ఫోటోకు ఇంకో ఫోటో తీసి, దాన్ని మళ్లీ పంపిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి, 6 కాస్తా 8 అవుతుంది. పెద్ద అక్షరాల్లో ఒక్క పేజీ, పైన తేదీ, కింద ఆఫీసు నంబరు, సొసైటీ ఇచ్చేవి ఏవో, ఇంటి నుంచి తేవాల్సినవి ఏవో విడివిడిగా. అంతకన్నా పెద్ద సాయం లేదు. ఏది ఇస్తారో తెలియకే కూలి కుటుంబాలు అప్పు చేసి పరుపు కూడా కొంటున్నాయి.

తల్లిదండ్రులకు చివరిగా ఒకటి. తొలిరోజు గేటు లోపల ముందుగా వచ్చేది కాగితాల వరస. పెట్టె తెరిచే పని సాయంత్రం. కాగితాల కవరు పెట్టె అడుగున పెట్టి, పైన దుప్పట్లు సర్ది, తాళం వేసి తీసుకురాకండి. అది చేతి సంచిలో ఉండాలి.